గ్రూప్-2 అభ్యర్థి బల్ల మీద ఎన్ని పుస్తకాలు ఉండాలి?

తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే గ్రూప్-2 పరీక్షలో నాలుగు పేపర్లు ఉంటాయి. ఒక్కొక్క పేపరులో 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటల సమయం కేటాయించారు. మొదటిది జనరల్ స్టడీస్, రెండవది చరిత్ర, రాజ్యాంగం, సమాజం, మూడవది ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి, నాలుగవది తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. సిలబస్ మొత్తం కొన్ని పుటలకు మించదు గాని, అందులోని ఒక్కొక్క పంక్తి ఒక గ్రంథానికి సరిపడేంత విశాలంగా ఉండటం వల్ల, ఆ పంక్తిని ఎంత లోతుగా చదవాలన్న ప్రశ్నకు అభ్యర్థికి సిలబస్‌లో సమాధానం దొరకదు. ఆ సమాధానాన్ని అతడు పుస్తకాల దుకాణంలో వెతకడం మొదలుపెట్టినప్పుడే అవసరానికి మించిన సేకరణ కూడా మొదలవుతుంది. హైదరాబాదులో అశోక్‌నగర్, చిక్కడపల్లి పరిసరాల్లోని అద్దె గదులలో ఒకే రాజ్యాంగ పాఠానికి నాలుగు పుస్తకాలు, రెండు కోచింగ్ సంస్థల నోట్సు జిరాక్సులు, ఫోనులో వందలాది పీడీఎఫ్‌లు, సగంలో ఆగిన వీడియో కోర్సులు ఒకే చోట కనిపించడం వింత కాదు.

ఈ సేకరణకు అభ్యర్థి చాపల్యమే కారణమనడం న్యాయం కాదు. పరీక్ష జరిగే తీరులోనే దానికి బలమైన కారణం ఉంది. 2022 డిసెంబరులో 783 ఉద్యోగాలకు వెలువడిన గ్రూప్-2 ప్రకటనకు సంబంధించిన పరీక్ష పలుమార్లు వాయిదా పడి, చివరకు 2024 డిసెంబరులో జరిగింది. పరీక్ష వాయిదా పడిన ప్రతిసారీ, అప్పటికే చదివిన పుస్తకాన్ని మళ్లీ తెరవడం విసుగు పుట్టిస్తుంది, కొత్త పుస్తకం మాత్రం కొత్తగా మొదలుపెట్టిన ఉత్సాహాన్ని ఇస్తుంది. ఆ వ్యవధిలోనే ప్రచురణకర్తలు కొత్త ముద్రణలు తెస్తారు, కోచింగ్ సంస్థలు కొత్త బ్యాచీలు ప్రకటిస్తాయి. పరీక్ష ఎప్పుడో తెలియని రెండేళ్లలో, పుస్తకం కొనడం ఒక్కటే అభ్యర్థి ఆ రోజే ముగించగలిగే పనిగా మిగులుతుంది. తెలుగు మాధ్యమంలో చదివేవారికి మరొక ఇబ్బంది తోడవుతుంది. రాజ్యాంగం నాలుగవ భాగంలోని అంశాలను ఒక పుస్తకం ఆదేశిక సూత్రాలంటుంది, మరొకటి నిర్దేశక నియమాలంటుంది. ప్రశ్నపత్రంలో ఏ మాట వస్తుందోనన్న భయంతో అభ్యర్థి రెండూ కొంటాడు. నిజానికి ప్రశ్నపత్రం ఆంగ్లంలోనూ ముద్రితమై ఉంటుంది కనుక, ఒక పుస్తకంలోని తెలుగు పదం పక్కన ఆంగ్ల పదాన్ని రాసుకుంటే ఆ భయం తీరుతుంది. అందుకు రెండవ పుస్తకం అక్కర లేదు.

సేకరణ ఎంతవరకు సాధ్యమో కాలాన్ని లెక్కిస్తే తెలుస్తుంది. పరీక్షకు ఆరు నెలలు ఉన్నాయని, అభ్యర్థి రోజుకు ఆరు గంటలు నికరంగా చదువుతాడని అనుకుంటే, అతని చేతిలో ఉన్నవి 1080 గంటలు. 600 పుటల పుస్తకాన్ని గంటకు పదిహేను పుటల చొప్పున గుర్తులు పెట్టుకుంటూ చదివితే మొదటిసారికి 40 గంటలు పడతాయి. రెండవసారి అందులో సగం, మూడవసారి అందులోనూ సగం పడుతుందనుకుంటే మూడు ఆవృత్తులకు, అంటే మూడు సార్లు పూర్తిగా తిరగేయడానికి, 70 గంటలు కావాలి. ఆ లెక్కన పది పుస్తకాలకు 700 గంటలు పోగా, మిగిలిన 380 గంటలు పాత ప్రశ్నపత్రాలకు, మాదిరి పరీక్షలకు, వర్తమాన వ్యవహారాలకు సరిపోతాయి. అదే అభ్యర్థి దగ్గర ముప్పై పుస్తకాలు ఉంటే, ఒక్కొక్కదాన్ని ఒక్కసారి చదవడానికే 1200 గంటలు కావాలి, అంటే ఏ ఒక్కదాన్నీ రెండవసారి తెరవకుండానే, ఒక్క మాదిరి పరీక్ష రాయకుండానే గడువు దాటిపోతుంది. వీడియో కోర్సుకూ ఈ లెక్కే వర్తిస్తుంది. 400 గంటల కోర్సును చేర్చుకున్నవాడు, చదవడానికి ఉన్న కాలంలో మూడింట ఒక వంతుకు పైగా వినడానికి ఇచ్చేశాడన్న మాట. అంత ఇవ్వదలచుకుంటే, దానికి బదులుగా ఏయే పుస్తకాలను బల్ల మీద నుంచి తీసివేయాలో చేరిన రోజునే నిర్ణయించుకోవాలి.

ఎక్కువ పుస్తకాలు చదివితే విషయం బాగా గుర్తుంటుందన్న నమ్మకం కూడా పరిశీలనకు నిలవదు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగంలో, కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని రెండుసార్లు చదివారు, మరికొందరు ఒకసారి చదివి, ఆ తరువాత దాన్ని చూడకుండా గుర్తున్నంత మేరకు రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారు 81 శాతం, రాసినవారు 75 శాతం గుర్తుంచుకున్నారు. వారం తరువాత మరో బృందాలను పరీక్షించినప్పుడు వరస తారుమారై, రాసినవారికి 56 శాతం, చదివినవారికి 42 శాతం గుర్తున్నట్లు తేలింది. ప్రాథమిక హక్కుల అధ్యాయాన్ని నాలుగవ పుస్తకంలో చదివే అభ్యర్థి పరిస్థితి మొదటి బృందం పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. ప్రతి వాక్యం ఇదివరకు చూసినట్లే అనిపిస్తుంది. ఆ పరిచయాన్నే అతడు జ్ఞానంగా భావించి పుట తిప్పుతాడు. పుస్తకం మూసి 14వ అధికరణం నుంచి 32వ అధికరణం దాకా వరుసగా కాగితం మీద పెట్టమంటే ఎక్కడ ఆగిపోతున్నాడో అప్పుడు గాని బయటపడదు.

అయినా ఒకే విషయంపై రెండవ పుస్తకం, మూడవ పుస్తకం కొనడానికి అభ్యర్థులు చెప్పే కారణాల్లో ఒకటి మాత్రం నిజంగా ఆలోచించదగినది. పుస్తకాల మధ్య తేదీలు, సంఖ్యలు కలవకపోవడం ఆ కారణం. దాన్ని నాలుగవ పేపరులోని ఒక అంశంతోనే పరిశీలించవచ్చు. ముల్కీ నిబంధనల వివాదం తరువాత, 1972–73లో సాగిన జై ఆంధ్ర ఉద్యమం దరిమిలా, 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం ప్రకటితమైంది. ముల్కీ అంటే స్థానికుడు. ముల్కీ నిబంధనలు హైదరాబాద్ సంస్థాన కాలం నుంచి ఉద్యోగాలలో స్థానికులకు రక్షణ కల్పించినవి. ఆరు సూత్రాల పథకాన్ని అమలు చేయడానికి రాజ్యాంగంలో 371-డి అనే అధికరణం చేరింది, దాని ప్రకారం రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడ్డాయి. ఈ 371-డి ఎప్పుడు వచ్చిందన్న ప్రశ్నకు ఒక పుస్తకం 1973 అని, మరొకటి 1974 అని, తొందరలో తయారైన గైడు 1975 అని చెప్పే అవకాశం ఉంది. అభ్యర్థి కలవరపడి నాలుగవ పుస్తకం కొంటాడు. అందులో 1974 అని ఉంటే దానికి రెండు ఓట్లు వచ్చాయని తృప్తి పడతాడు. ఈ మార్గం ఏ వివాదాన్నీ తేల్చదు, ఎందుకంటే గైడు పుస్తకాలు తరచుగా ఒకదాన్ని చూసి ఒకటి తయారవుతాయి గనుక, వాటిలో అధిక సంఖ్య సత్యానికి సాక్ష్యం కాదు.

కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖ ఉచితంగా అందుబాటులో ఉంచిన రాజ్యాంగ ప్రతిలో 371-డి అధికరణం కింద ఉన్న పాదసూచికను, అంటే పుట అడుగున చిన్న అక్షరాలలో ఇచ్చే వివరణను, చూస్తే ఈ చిక్కు విడిపోతుంది. ఆ అధికరణాన్ని చేర్చినది 1973 నాటి 32వ రాజ్యాంగ సవరణ చట్టం, అది అమలులోకి వచ్చినది 1974 జులై 1న. దాని ఆధారంగా రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడినది 1975 అక్టోబరు 18న. మూడు సంవత్సరాలూ సరైనవే. ఒకటి చట్టానిది, ఒకటి అమలుది, ఒకటి ఉత్తర్వులది. ప్రశ్న అడిగేవారు సరిగ్గా ఈ తేడా మీదనే ప్రశ్న తయారు చేయగలరు కాబట్టి, దీన్ని పట్టుకున్న అభ్యర్థికి దక్కే లాభం మరో ఐదు గైడులు చదివినా దక్కదు. ఇప్పుడు అతడు చేయవలసినది తన ఆధార గ్రంథంలో, అంటే ఆ విషయానికి తాను ఎంచుకున్న ఒకే ఒక్క పుస్తకంలో, ఆ పేరా పక్క అంచున మూడు తేదీలను మూడు చిన్న పంక్తులుగా రాసుకోవడం. ఆ కిందనే, రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగా జరిగిన నియామకాలను సరిచేయడానికి 1985 డిసెంబరు 30న జారీ అయిన 610 జీవోనూ, తెలంగాణకు ఏడు జోన్లు, రెండు మల్టీ జోన్లు ఏర్పరచిన 2018 నాటి కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులనూ చేర్చితే, ఒక పుటలోనే నలభై ఐదేళ్ల క్రమం కుదురుతుంది. మూడవ ఆవృత్తిలో ఆ పుట చదవడానికి రెండు నిమిషాలు చాలు. అదే సమాచారం నాలుగు పుస్తకాలలో చెదిరి ఉంటే, పరీక్షకు ముందు వారంలో దాన్ని ఒక చోటికి చేర్చడం ఎవరి వల్లా కాదు.

ఇక ఆధార గ్రంథాన్ని ఎంచుకోవడంలో పేరు ప్రతిష్ఠల కన్నా నమ్మదగిన ఒక పరీక్ష ఉంది. కమిషన్ గత పరీక్షల ప్రశ్నపత్రాలను, తుది కీలను విడుదల చేస్తుంది. తుది కీ అంటే అభ్యంతరాలను పరిశీలించిన తరువాత ఖరారు చేసిన సమాధానాల పట్టిక. సిలబస్‌లోని ఒక అంశాన్ని, ఉదాహరణకు గ్రామ పంచాయతీ వ్యవస్థను, తీసుకుని, గ్రూప్-1, గ్రూప్-2, గ్రూప్-3 పాత పత్రాలనుంచి ఆ అంశంపై వచ్చిన ప్రశ్నలను ఇరవై దాకా ఏరాలి. పోటీలో ఉన్న రెండు పుస్తకాలను గ్రంథాలయంలోనో, స్నేహితుని దగ్గరో తెరిచి, ఒక్కొక్క ప్రశ్నకు సమాధానం ఆ అధ్యాయంలో ఉన్నదా లేదా అని మాత్రమే చూడాలి. తనకు తెలుసా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఒకదానిలో ఇరవైలో పదహారు, మరొకదానిలో పదిహేడు దొరికితే ఆ తేడాకు అర్థం లేదు, చదవడానికి హాయిగా ఉన్నదాన్ని తీసుకోవచ్చు. ఒకదానిలో పదహారు, మరొకదానిలో తొమ్మిది దొరికితే నిర్ణయం దానంతట అదే అయిపోతుంది. ఇరవైకి ఇరవై ఇచ్చే పుస్తకం కోసం వెతకడం మాత్రం మానుకోవాలి. అటువంటిది లేదు, ఉన్నా దాన్ని మూడుసార్లు చదవగలిగేంత సన్నగా ఉండదు. దొరకని నాలుగు ప్రశ్నల సమాధానాలను విడిగా వెతికి అంచుల్లో రాసుకుంటే సరిపోతుంది.

ఈ పద్ధతిలో నడిస్తే నాలుగు పేపర్లకు కలిపి పది, పన్నెండు పుస్తకాలకు మించి మిగలవు. వాటిలో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల సాంఘిక శాస్త్ర పాఠ్యపుస్తకాలకు మొదటి స్థానం ఇవ్వడం మంచిది, ఎందుకంటే పెద్ద గ్రంథాలు చెప్పకుండా వదిలేసే మూల భావనలు వాటిలోనే తేట తెలుగులో ఉంటాయి. రాజ్యాంగానికి ఒకటి, భారత చరిత్రకు ఒకటి, తెలంగాణ చరిత్రకు ఒకటి, సమాజ శాస్త్రానికి ఒకటి, భారత ఆర్థిక వ్యవస్థకు ఒకటి, ఉద్యమ చరిత్రకు ఒకటి, రీజనింగ్‌కు ఒక అభ్యాస పుస్తకం, వర్తమాన వ్యవహారాలకు ఒకే మాసపత్రిక చాలు. తెలుగు అకాడమీ ప్రచురణలు ఈ విషయాల్లో చాలావాటికి దొరుకుతాయి, అయితే వాటిని కూడా పైన చెప్పిన ఇరవై ప్రశ్నల పరీక్షకు పెట్టి తీసుకోవాలే తప్ప, పేరు చూసి కాదు. మూడవ పేపరుది కొంత వేరైన దారి. రాష్ట్ర ఆర్థిక అంకెలు ఏటా మారుతాయి కాబట్టి బడ్జెట్‌తో పాటు ప్రభుత్వం విడుదల చేసే సామాజిక ఆర్థిక చిత్రణ అనే నివేదికను ఏ గైడూ భర్తీ చేయలేదు. కొత్త సంచిక వచ్చినప్పుడు పాతదాన్ని బల్ల మీద నుంచి తీసేయాలి, లేకపోతే రెండేళ్ల అంకెలు కలగలిసి, తెలిసిన ప్రశ్న కూడా తప్పుతుంది.

అప్పటికే పోగుపడిన వాటిని ఏం చేయాలన్నది చాలామందిని ఆపుతున్న ప్రశ్న. డబ్బు పెట్టి కొన్న పుస్తకాన్ని చదవకుండా వదిలేయడం మనసుకు కష్టమే. ఆ కష్టాన్ని తేలికగా చూడవలసిన పని లేదు, ముఖ్యంగా ఇంటినుంచి వచ్చే నెల ఖర్చులోంచి కొన్నవారి విషయంలో. అయితే చదవడం వల్ల ఆ డబ్బు తిరిగి రాదు, పైగా 40 గంటలు అదనంగా పోతాయి. ఆధార గ్రంథానికి అందని పాత ప్రశ్నల జాబితా పక్కన పెట్టుకుని, అదనపు పుస్తకాల విషయసూచికల్లో ఆ అంశాలను మాత్రమే వెతికి, దొరికిన పుటల సారాన్ని ఆధార గ్రంథం అంచుల్లో ఎక్కించుకుని, ఆ తరువాత వాటిని వెనుకబడిన స్నేహితునికి ఇవ్వడమో, కోఠీలోని పాత పుస్తకాల దుకాణాలకు అమ్మడమో చేయవచ్చు. అమ్మదలచుకుంటే కొత్త ముద్రణ రాకముందే అమ్మడం తెలివి, వచ్చిన తరువాత ధర పడిపోతుంది. ఫోనులోని పీడీఎఫ్‌ల సంగతి ఇంకా సులభం. ఆధార గ్రంథాల పట్టికలో లేని పత్రాలను తొలగించి, టెలిగ్రామ్ బృందాల్లో ప్రకటనలు తెలిపే ఒక్కదానిలో ఉండి మిగిలిన వాటినుంచి బయటపడితే, ప్రతి ఉదయం కొత్త నోట్సు కళ్లబడటం ఆగిపోతుంది.

సేకరణ తిరిగి మొదలయ్యే సమయం దాదాపు ప్రతిసారీ ఒకటే. మాదిరి పరీక్షలో మార్కులు తగ్గిన సాయంత్రం అభ్యర్థి పుస్తకాల దుకాణం వైపు చూస్తాడు. అప్పుడు చేయవలసినది తప్పిన ప్రశ్నలను మూడు రకాలుగా విడదీయడం. ఆధార గ్రంథంలో అసలు లేనివి మొదటి రకం, ఉన్నా గుర్తుకు రానివి రెండవ రకం, గుర్తున్నా ప్రశ్నను సరిగా చదవక, జతపరచడంలో పొరబడి తప్పినవి మూడవ రకం. ఒక పేపరులో అరవై ప్రశ్నలు తప్పాయనుకుంటే, విడదీసి చూసినప్పుడు మొదటి రకంలో తొమ్మిది, రెండవ రకంలో ముప్పై నాలుగు, మూడవ రకంలో పదిహేడు రావచ్చు. కొత్త పుస్తకం తీర్చగలిగినది ఆ తొమ్మిదింటిని మాత్రమే, వాటికి కూడా తొమ్మిది చిన్న చేర్పులు చాలు. ముప్పై నాలుగింటికి పుస్తకం మూసి రాసే అభ్యాసం కావాలి, పదిహేడింటికి గడియారం పెట్టుకుని పాత పత్రాలు రాయడం కావాలి.

మొదటి రకం తప్పులు వరుసగా మూడు పరీక్షల్లో ఒకే అధ్యాయం నుంచి, ఒక్కొక్కసారి పది, పన్నెండు చొప్పున వస్తున్నట్లయితే ఆధార గ్రంథం ఆ భాగంలో బలహీనమని అర్థం. అటువంటప్పుడు ఆ అధ్యాయానికి మాత్రం మరొక పుస్తకాన్ని తీసుకోవడం, పాత అధ్యాయాన్ని పూర్తిగా వదిలేయడం సరైన పని. రెండింటినీ ఉంచుకోవడం కాదు. చదివినా అర్థం కాని అంశానికి, ఉదాహరణకు చెల్లింపుల శేషం, అంటే ఒక దేశం ఇతర దేశాలతో జరిపే లావాదేవీల జమాఖర్చు వంటి దానికి, వీడియో పాఠం వినడమూ సబబే, అయితే ఆ పాఠం వరకే విని ఆపాలి. కొత్త ప్రకటనతో సిలబస్ మారినప్పుడు ఎంపిక మొత్తాన్ని మళ్లీ పరిశీలించక తప్పదు. పరీక్ష వాయిదా పడినప్పుడు మాత్రం ఆ అవసరం ఉండదు. అప్పుడు మారేవి మాసపత్రిక సంచికలు, ఏటా వచ్చే ఆర్థిక నివేదిక మాత్రమే, మిగిలిన పుస్తకాలకు దొరికినది నాలుగవ ఆవృత్తికి సరిపడే సమయం.